నెలకో ఉత్తరం, మీ పేరుకే: కొత్త నడక, మెట్ల సాధన మధ్యలో ఆగకుండా – తరచుగా అడిగే ప్రశ్నలు

వ్యాయామం మొదలుపెట్టిన రోజు నుంచే, రాబోయే నెలల్లో మనకు మనమే చదువుకునేలా ఉత్తరాలు రాసిపెట్టుకోవడం గురించి ఈ పేజీ. అన్ని రకాల వ్యాయామాలకూ పనికొచ్చేలా చెబితే ఎవరికీ పనికిరాదు. అందుకని ఒకే ఉదాహరణ తీసుకున్నాం. తిరుపతిలో ఉండే నలభై ఏళ్ల టీచరమ్మ అనుకోండి. జులై 1న మొదలుపెట్టింది. వారానికి అయిదు రోజులు యూనివర్సిటీ లోపల 25 నిమిషాల నడక. అందులో రెండు రోజులు నడక అయ్యాక తను ఉండే మూడంతస్తుల ఇంటి మెట్లు ఎక్కి దిగడం. సంక్రాంతి అయ్యాక శ్రీవారి మెట్టు అనే మెట్ల దారిలో తిరుమల కొండెక్కాలని ఆమె కోరిక. ఆగస్టు నుంచి జనవరి దాకా ఆరు ఉత్తరాలు.

అలారం ఉంది, క్యాలెండర్ ఉంది. మళ్లీ ఉత్తరం ఎందుకు?

అలారం టైమ్ చెబుతుంది. మీరు ఎందుకు లేవలేకపోతున్నారో దానికి తెలియదు. అదేమో నెలనెలా మారుతుంది. ఆగస్టులో కాటా మీద ముల్లు కదలక నీరసం, అక్టోబరులో ఇంటినిండా చుట్టాలు, నవంబరులో వాన, డిసెంబరులో చలి. తిరుపతిలో ఉండేవారికి ఇవేవీ కొత్త కాదు, ఏ నెలలో ఏం వస్తుందో జులైలోనే చెప్పగలం. ఆ అడ్డంకి వచ్చే నెలకు దానికి తగిన మాట ముందే సిద్ధంగా ఉండటమే ఉత్తరం పని.

నెలకోసారి వచ్చేది వారాల్లో వచ్చే ఇబ్బందిని అందుకోలేదు, ఇది మొదటే తెలుసుకోవాలి. మొదటి పది రోజుల్లో మానేసేవాళ్లలో చాలామంది తొడల నొప్పికి భయపడి మానేస్తారు. మెట్లు ఎక్కడం కంటే దిగడం వల్ల ఈ నొప్పి ఎక్కువ వస్తుంది, ఎందుకంటే దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు మోస్తుంది. నొప్పి అదే రోజు తెలియదు, ఒకటి నుంచి మూడు రోజుల లోపల బాగా పట్టుకుని తర్వాత తగ్గిపోతుంది. దీనికి ఉత్తరం వద్దు. "మూడో రోజు తొడలు పట్టేస్తాయి, ఆ రోజు మెట్లు వదిలేసి నడక మాత్రం" అని ఒక చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

ఉత్తరంలో ఏం రాయాలి?

చాలామంది మొదటి ఉత్తరం ఇలా రాసుకుంటారు: "శభాష్! ఈపాటికి అయిదు కిలోలు తగ్గి ఉంటావు. ఇలాగే సాగిపో!" అది అందే రోజుకు అయిదు కిలోలు తగ్గి ఉండరు. తెరిచిన మనిషికి ముందు సిగ్గు, తర్వాత కోపం. రెండో నెల ఉత్తరాన్ని తెరవరు. గెలిచినట్టు ఊహించుకుని రాసిన ఉత్తరం, వెనకబడిన నెలలోనే ఎక్కువ బాధపెడుతుంది. ఉత్తరం అవసరమయ్యేదీ ఆ నెలలోనే.

కాబట్టి ప్రతి ఉత్తరంలో నాలుగు సంగతులు ఉంటే చాలు. మొదలుపెట్టిన రోజు మీ స్థితి ఏమిటో ఒక ఖచ్చితమైన గుర్తు. ఆ నెలలో రాబోయే అడ్డంకి పేరు. "అది వస్తే నేను ఇది చేస్తాను" అనే ఒక వాక్యం. చివర, ఆగిపోయి ఉంటే ఏం చేయాలో. ఈ నాలుగోది ఎప్పుడూ వదలొద్దు. ఉత్తరం చేరే రోజుకు మీరు సాధన చేస్తూ ఉండొచ్చు, పన్నెండు రోజులుగా బూట్లు ముట్టకుండానూ ఉండొచ్చు. రెండింటికీ సమాధానం అందులో ఉండాలి.

మూడోదానికి సైకాలజీలో మంచి ఆధారమే ఉంది. పీటర్ గోల్‌విట్జర్ అనే పరిశోధకుడు 1990ల నుంచి దీన్ని పరీక్షిస్తూ వచ్చారు. "రోజూ నడుస్తాను" అనుకోవడం కంటే "ఫలానా పరిస్థితి వస్తే ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసుకున్నవారు పనిని నిజంగా చేయడం ఎక్కువ. "వాన వస్తే చూద్దాం" అని రాస్తే అది ముడి కాదు. "అయిదున్నరకు వాన పడుతుంటే, చెప్పులు విప్పి మేడ మెట్లు ఆరుసార్లు ఎక్కుతాను" అన్నది ముడి.

ఒక ఉత్తరం పూర్తిగా చూపించగలరా?

ఆగస్టు 1న ఆమెకు చేరేది ఇది. రాసింది జులై 1నే. తను మాట్లాడే మాటలోనే రాసుకుంది, అదే మంచిది. పుస్తకాల తెలుగులో రాసుకుంటే ఎవరో పెద్దమనిషి హితబోధ చేసినట్టుంటుంది.

> ఏమ్మా, నెలైపోయింది. కాటా ఎక్కి చూసుకునే ఉంటావు. తగ్గలేదని మనసు కష్టపెట్టుకోబాక. ఈ నెల కాటాలో ఏం కనపడదని నీకు ముందే తెలుసు.
>
> జులై 1న మన ఇంటి మెట్లు ఒక్కసారి ఎక్కినావు. రెండో అంతస్తు మలుపు కాడ రెయిలింగు పట్టుకుని నిలబడినావు, పైనింటామె పలకరిస్తే మాట రాలేదు. రేపు పొద్దున ఆ మెట్లే ఎక్కి, పైకి పోయినాక నీ పేరు, ఇంటి నంబరు, వీధి పేరు గట్టిగా ఒక్క ఊపులో చెప్పు. చెప్పగలిగితే నెల వృథా పోలేదు.
>
> ఈ నెలలో శ్రావణ శుక్రవారాలు. తెల్లారకముందే వంటింట్లో ఉంటావు. శుక్రవారం పొద్దున కుదరకపోతే, అదే రోజు సాయంత్రం ఆరింటికి స్కూలు చీర మార్చుకోకముందే పది నిమిషాలు నడిచి రా. మెట్లు మూడు సార్ల నుంచి అయిదుకు పెంచు, ఒళ్లు బాగుంటేనే.
>
> ఆగిపోయి ఉంటే పైదంతా వదిలెయ్. రేపు ఒక్కసారి మెట్లెక్కి దిగు. ఎల్లుండి పది నిమిషాలు నడువు. ఎందుకు ఆగిపోయినానా అని లెక్క తీయబాక.

ఇందులో కొండెక్కే మాట లేదు చూడండి. మొదటి నెలలో అంత దూరపు గమ్యం భారంగా ఉంటుంది. ఆ మాట డిసెంబరు ఉత్తరంలో వస్తుంది.

బరువు గురించి "కనపడదు" అని అంత ధీమాగా ఎలా రాసింది?

లెక్క చేసి రాసింది. మామూలు ఒళ్లున్న మనిషి 25 నిమిషాలు కాస్త వేగంగా నడిస్తే ఇంచుమించు 100 కిలోకేలరీలు ఖర్చవుతాయి. నెలకు ఇరవై రోజులు నడిస్తే 2,000. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కిలోకేలరీలు ఉంటాయి. అంటే తిండి మార్చకుండా నెలంతా నడిస్తే తగ్గేది పావు కిలో. ముందు రోజు పచ్చళ్లూ అప్పడాలూ తిన్నా, నీళ్లు ఎక్కువ తాగినా ఒంట్లో నీరు నిలిచి కాటా కిలో దాకా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగులాటలో పావు కిలో కనపడదు.

మొదటి నెలలో మారేది ఆయాసం, మెట్ల మీద కాలి పట్టు. బలం మొదట్లో పెరిగేది కండ పెరిగి కాదు, ఉన్న కండరాన్ని నరాలు బాగా వాడుకోవడం నేర్చుకోవడం వల్ల. అందుకే ఉత్తరంలో కిలోలు రాయొద్దని గట్టిగా చెబుతాం. మెట్లెక్కి మాట్లాడగలగడం లాంటి గుర్తు రాయండి. దానికి పరికరం అక్కర్లేదు, అబద్ధం చెప్పదు.

66 రోజులకు అలవాటైపోతుందంటారు. సెప్టెంబరు ఉత్తరంలో అది రాసుకోవచ్చా?

రాసుకోండి, కానీ పూర్తిగా రాసుకోండి. ఆ అంకె లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసి 2010లో అచ్చయిన అధ్యయనంలోది. ఒక కొత్త పనిని రోజూ ఒకే సందర్భంలో చేస్తే, ఆలోచించకుండా చేసే స్థితికి రావడానికి పట్టిన కాలంలో మధ్య విలువ 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఉదయం గ్లాసు నీళ్లు తాగడం లాంటి చిన్న పనులు త్వరగా కుదిరాయి, వ్యాయామం ఆలస్యమైంది.

జులై 1 నుంచి లెక్కేస్తే 66వ రోజు సెప్టెంబరు 4. ఉత్తరంలో "66 రోజులైతే అదే అలవాటవుతుంది" అని మాత్రమే రాసుకుంటే, ఆ రోజు కూడా మంచం దిగబుద్ధి కాకపోతే తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. "ఇంకా బలవంతంగానే లేస్తున్నావా? అది మామూలే, కొందరికి ఎనిమిది నెలలు పట్టొచ్చు" అన్న మాట అక్కడ ఉండాలి. ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి తేలింది: ఒక్క రోజు తప్పినందువల్ల అలవాటు కుదరడం మీద చెప్పుకోదగ్గ ప్రభావం పడలేదు. అక్టోబరు ఉత్తరానికి దాన్ని దాచుకోండి.

నెల పొడుగునా ఆగిపోతే?

తిరుపతిలో అక్టోబరుకు ఆ గండం ఉంది. బ్రహ్మోత్సవాలు సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తాయి. ఆ తొమ్మిది రోజులూ ఊరు కిటకిటలాడుతుంది. గరుడసేవకని వచ్చిన బంధువులు ఇంట్లో దిగుతారు, వారికి వండిపెట్టాలి. దసరా కూడా ఆ దగ్గర్లోనే. పది, పన్నెండు రోజులు పోయాక మళ్లీ మొదలుపెట్టేటప్పుడు మనుషులు చేసే పొరపాటు ఒకటే. ఆపినచోటి నుంచి పట్టుకోవాలని చూస్తారు. ఎనిమిది సార్లు మెట్లెక్కుతూ ఆపితే మొదటి రోజే ఎనిమిది సార్లు ఎక్కుతారు. తొడలు పట్టేస్తాయి, మూడో రోజు నుంచి మళ్లీ సెలవు. పండగ వల్ల వచ్చిన విరామం కంటే ఈ రెండో విరామమే సాధనను చంపుతుంది.

అందుకని అక్టోబరు ఉత్తరంలో తిరిగి మొదలయ్యే మెట్టు అంకెతో సహా రాసి ఉండాలి:

> చుట్టాలు పోయినారా? అయితే రేపు నడక పదిహేను నిమిషాలే. మెట్లు నాలుగు సార్లే, ఎనిమిది కాదు. మూడు విడతలు అట్నే చెయ్. నొప్పి లేకపోతే ఆరు. ఆపై వారం ఎనిమిది. పోయిన రోజులు పోయినాయి, వాటిని కలిపి చేయబాక.

జ్వరం వచ్చి ఆగి ఉంటే ఇంకా నెమ్మది. జ్వరం పూర్తిగా పోయి, మామూలుగా తిని, ఇంటిపని అలుపు లేకుండా చేసుకోగలిగాకే ఆ ఉత్తరం మళ్లీ తీయాలి.

నవంబరు, డిసెంబరు ఉత్తరాల్లో?

నవంబరుది చిన్నదే. ఈశాన్య రుతుపవనాల వాన మన చిత్తూరు, తిరుపతి వైపు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే. బయట నడక ఎలాగూ సరిగా సాగదు కాబట్టి ఆ నెలను మెట్లకు ఇచ్చేయండి. వారానికి మూడు రోజులు మెట్లు, మధ్యలో ఒక్కో రోజు విడుపు, తడి మెట్ల మీద వద్దు. చిత్తూరు మెసానికల్ మైదానంలో నడిచేవారికీ ఇదే మాట. బురదలో జారి మడమ మెలిపెట్టుకోవడం కంటే ఇంటి మెట్లు మేలు.

డిసెంబరులో ధనుర్మాసం మొదలవుతుంది. తెల్లవారుజామున లేవడం ఎలాగూ చాలా ఇళ్లల్లో ఉంటుంది. దాన్నే కొక్కెంగా వాడుకోండి: "కోవెలకు పోయి వచ్చేటప్పుడు ఆటో ఎక్కను." ఇక ఈ ఉత్తరంలోనే కొండ లెక్క రాయాలి.

ఆ కొండ లెక్క ఏమిటి?

శ్రీనివాసమంగాపురం వైపు నుంచి వెళ్లే శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు, దూరం రెండు కిలోమీటర్లకు కాస్త పైన. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నా తొమ్మిది కిలోమీటర్ల పొడుగున పరుచుకుని ఉంటాయి, మధ్యలో చదును నడక చాలా ఉంది. శ్రీవారి మెట్టులో ఊపిరి తీసుకునే చదును తక్కువ.

ఆమె ఇంట్లో కింది నుంచి మేడ దాకా 60 మెట్లు. 60ని 40తో గుణిస్తే 2,400. అంటే ఆ కొండ తన ఇంటి మెట్లను నలభై సార్లు ఎక్కడంతో సమానం. ఈ మాట జులైలో చెబితే బెదిరిపోతుంది, డిసెంబరులో చెబితే కొలత దొరుకుతుంది. ఆమె అంచెలు ఇలా ఉన్నాయి: జులైలో మూడు సార్లు, ఆగస్టులో అయిదు, సెప్టెంబరులో ఎనిమిది, అక్టోబరులో విరామం పోగా మళ్లీ ఎనిమిది, నవంబరులో పన్నెండు, డిసెంబరులో పదిహేను. ఇంట్లో నలభై సార్లు ఎక్కాల్సిన పని లేదు. పదిహేను సార్లు, పక్కన ఉన్నవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఎక్కి, మర్నాడు మామూలుగా స్కూలుకు పోగలిగితే చాలు. కొండ మీద ప్రతి రెండు మూడు వందల మెట్లకు ఒకసారి కూర్చుని పోవచ్చు. పైనుంచి బస్సులో దిగితే, తొడల్ని పట్టేసే దిగుడు కూడా ఉండదు.

వానాకాలంలో ఈ గమ్యం పెట్టుకోవద్దు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని, 2022 మే దాకా మూసే ఉంది. మామూలు రోజుల్లోనూ రాత్రిపూట అనుమతి ఉండదు, చిరుతల వల్ల వేళలూ నిబంధనలూ మారుతుంటాయి. ఉత్తరంలో వేళ రాసిపెట్టుకోకుండా, బయల్దేరే ముందు దేవస్థానం ప్రకటన చూసుకోమని రాయండి.

ఫోన్లో ఎలా పెట్టాలి?

జీమెయిల్ చాలు, వేరే యాప్ అక్కర్లేదు. కొత్త మెయిల్ తెరిచి `To` దగ్గర మీ మెయిల్ ఐడీనే రాయండి. సబ్జెక్టులో నెల పేరు పెట్టండి. ఆరింటికీ ఒకే సబ్జెక్టు పెడితే తర్వాత వెతుక్కోవడం కష్టం. ఉత్తరం రాశాక పైన మూడు చుక్కలు నొక్కి `Schedule send`, ఆ తర్వాత `Pick date & time` ఎంచుకోండి. ఆ సమయానికి మీ ఫోన్ ఆగి ఉన్నా మెయిల్ వెళ్తుంది, ఎందుకంటే అది గూగుల్ సర్వర్లో ఉంటుంది. జీమెయిల్‌లో నెలనెలా దానంతటదే తిరిగి పంపే ఏర్పాటు లేదు. ఒక్కో ఉత్తరానికి ఒక్కో తేదీ విడిగా పెట్టుకోవాలి. ఒకేసారి వంద దాకా పెట్టనిస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఎక్కువమంది తప్పు చేసేది మార్చేటప్పుడు. `Scheduled` ఫోల్డరులోకి పోయి `Cancel send` నొక్కితే ఉత్తరం డ్రాఫ్టుగా మారుతుంది, పెట్టిన తేదీ పోతుంది. మాట దిద్దుకుని అలాగే వదిలేస్తే అది ఎప్పటికీ రాదు. దిద్దిన వెంటనే మళ్లీ `Schedule send` చేసి, `Scheduled`లో తేదీ కనపడుతోందా అని చూసుకోండి.

క్యాలెండర్లో నెలకోసారి తిరిగి వచ్చే గుర్తు పెట్టి అందులోనే ఉత్తరం రాసుకునేవారూ ఉన్నారు. ప్రతినెలా అదే మాట వస్తుంది కనుక మూడో నెలకు కన్ను దాన్ని దాటేస్తుంది. "మెయిల్ చూసుకో" అని గుర్తుచేయడానికైతే క్యాలెండర్ బాగుంటుంది. తేదీగా 31 పెట్టొద్దు, ఆ తేదీ లేని నెలల్లో గుర్తు రాదు.

ఏ వేళకు రావాలి?

రాత్రి ఎనిమిదిన్నరకు. తెల్లవారి అయిదున్నరకు పెట్టుకోవాలని అందరికీ అనిపిస్తుంది కానీ, ఆ వేళకు నిద్రమత్తులో ఎవరూ ఉత్తరం చదవరు. పొద్దున నడుస్తామా లేదా అన్నది ముందు రాత్రే తేలిపోతుంది: ఎన్నింటికి పడుకున్నాం, ఇడ్లీ పిండి, చట్నీకి పప్పులు సిద్ధమా, బూట్లు తలుపు దగ్గరున్నాయా. రాత్రి అందిన ఉత్తరం వీటిలో ఒక్కటైనా చేయించగలదు.

ఫోన్ వద్దు, కాగితం మీదే రావాలంటే?

పోస్టాఫీసు మన కోసం తేదీ దాకా దాచి పంపదు. ఆరు ఇన్‌లాండ్ ఉత్తరాలు కొని, రాసి, మీ చిరునామా వేసి, అంటించి, పెన్సిల్‌తో మూలన నెల పేరు రాసి అక్కకో స్నేహితురాలికో ఇవ్వండి. ఇన్‌లాండ్ ఒక్కోటి రెండున్నర రూపాయలు. లోపల వేరే కాగితం పెట్టకూడదు. నెలాఖరుకు నాలుగు రోజుల ముందు డబ్బాలో వేయమనండి. వేసేవారు లోపలిది చదవకూడదని ముందే మాట తీసుకోండి. ఎవరైనా చదువుతారన్న అనుమానం ఉంటే, ఆయాసం గురించీ సిగ్గుల గురించీ మనిషి నిజం రాయలేదు.

ఆరూ ఒకే రోజు రాసేయొచ్చా?

మొదటి రోజు మూడే రాయండి. ఇంకా నడక మొదలవకముందు డిసెంబరుకు రాసిన ఉత్తరంలో అన్నీ ఊహలే ఉంటాయి. ఆగస్టు ఉత్తరం చదివిన రాత్రే నవంబరుది రాయండి, సెప్టెంబరుది చదివాక డిసెంబరుది, అక్టోబరుది చదివాక జనవరిది. అలా అయితే చివరి మూడు ఉత్తరాలూ మూడు నెలల కిందటి మనిషి నుంచి వస్తాయి. మోకాలు ఎక్కడ సతాయించిందో, ఏ వీధిలో కుక్కలు వెంటపడ్డాయో, ఏ బూటు వేలిని కొరికిందో అందులో ఉంటాయి.

ఉత్తరం చెప్పినట్టు చేయకూడని సందర్భాలు?

ఉన్నాయి, అవి ప్రతి ఉత్తరం అడుగునా రాసుకోవాలి. రాసిన రోజున ఒళ్లు ఎలా ఉందో ఉత్తరానికి తెలుసు, చేరిన రోజున ఎలా ఉందో తెలియదు. మెట్లెక్కుతుండగా ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా, అలవాటైన మెట్లకే ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా అక్కడే ఆగి వెంటనే ఆస్పత్రికి పోవాలి. "పట్టుదల వదలొద్దు" అన్న మాట ఆ సమయంలో ప్రాణం మీదికి తెస్తుంది. షుగరుకు ఇన్సులిన్ గానీ చక్కెర బాగా దించే మాత్రలు గానీ వాడేవారు మెట్లు పెంచే ముందు డాక్టరుతో మాట్లాడాలి, జేబులో చక్కెర పొట్లమో గ్లూకోజో ఉంచుకోవాలి. మోకాలు వాచి ఉంటే ఆ నెల మెట్ల అంకె కొట్టేసి, చదును నేల నడక రాసుకోండి.

జనవరి తర్వాత?

కొండెక్కిన వారంలోనే మానేసేవాళ్లుంటారు, చేయడానికి ఇంకేమీ మిగల్లేదనిపించి. అందుకే జనవరి 1 ఉత్తరంలో కొండ గురించి రెండు వాక్యాలే రాసి, మిగతాది ఫిబ్రవరి మొదటి సోమవారం పొద్దున ఏం చేయాలో రాసుకోండి. ఆమె ఉత్తరంలో ఆ భాగం ఇది:

> మెట్లు వారానికి రెండు రోజులు, పది సార్లు. నడక అట్నే. ఎండలు ముదిరేలోపల, మార్చి నుంచి, అరగంట ముందే మొదలుపెట్టు. మేలో గంగమ్మ జాతర వారం ఎలాగూ కుదరదు, దానికి ఉత్తరం ఇప్పుడే రాసి పెట్టు.